పలికితే రాయగలిగే పేరు

తెనాలిలో మా పిన్ని చాలా ఏళ్ళుగా పచ్చళ్ళు పెట్టి అమ్ముతోంది. మొదట చుట్టుపక్కల వాళ్ళకి, తర్వాత వాళ్ళ పిల్లలకి హైదరాబాదుకీ బెంగళూరుకీ, ఇప్పుడు వాళ్ళ పిల్లలకి అమెరికాకీ. ఇన్నాళ్ళూ ఆమె వ్యాపారానికి పేరంటూ లేదు. "పిన్నిగారి పచ్చడి" అంటే చాలు, పార్సిలు వెళ్ళిపోయేది. మొన్న వేసవిలో మామిడికాయలు దిగుతున్న రోజుల్లో ఫోన్ చేసి, "ఏరా, సీసా మీద లేబులు అంటించాలట, వెబ్‌సైటు కూడా పెట్టాలట, దానికో పేరు కావాలట. నాలుగైదు రాశాను, వచ్చి చూడు" అంది.

వెళ్ళాను. క్యాలెండరు చింపిన కాగితం వెనక అయిదు పేర్లున్నాయి. శ్రీ లక్ష్మీ పచ్చళ్ళు, తెనాలి రుచులు, అమ్మ ఆవకాయ, రోటి పచ్చడి, తాళింపు. అయిదూ చెవికి ఇంపుగానే ఉన్నాయి. మనలో చాలామంది పేరు పెట్టేటప్పుడు చేసే పరీక్ష కూడా అదే: పలికి చూస్తాం, తెలుగులో రాసి చూస్తాం, బాగుంటే ఖాయం చేస్తాం. కానీ వెబ్‌సైటు చిరునామాలో మామూలుగా తెలుగు లిపి ఉండదు. ఆ పేరుని ఇంగ్లిషు అక్షరాల్లో టైపు చేయాలి. తెలుగు పేరు ఇంగ్లిషు అక్షరాల్లోకి దిగేటప్పుడు ఏం జరుగుతుందో అక్కడే తేలుతుంది.

కాగితం మీది మొదటి పేరే తీసుకుందాం. "శ్రీ" అన్నది మనవాళ్ళు నాలుగు రకాలుగా రాస్తారు: sri, sree, shri, shree. "లక్ష్మీ" కనీసం రెండు రకాలు: lakshmi, laxmi. "పచ్చళ్ళు" మూడు రకాలు: pachallu, pacchallu, pachchallu. నాలుగు రెళ్ళు ఎనిమిది, ఎనిమిది మూళ్ళు ఇరవై నాలుగు. అందరూ ఒప్పుగానే రాశారనుకున్నా ఇరవై నాలుగు చిరునామాలు వస్తాయి. అందులో పిన్నిది ఒక్కటే. మిగతా ఇరవై మూడింటిలో ఏది టైపు చేసినా ఆమె కొట్టు తెరుచుకోదు. వాటిలో ఏదైనా ఇంకొకరి చేతిలో ఉంటే, ఆమె గురించి విని వెతికిన కొనుగోలుదారు నేరుగా వాళ్ళ దగ్గరికే వెళ్తాడు.

ఇంగ్లిషు పేర్లకి ఈ చిక్కు ఇంతగా ఉండదు, ఎందుకంటే ఏ మాటకైనా నిఘంటువు ఒక స్పెల్లింగు ఖాయం చేసి పెట్టింది. తెలుగు మాటకి ఇంగ్లిషు అక్షరాల్లో అందరూ ఒప్పుకున్న స్పెల్లింగు లేదు. బళ్ళో నేర్పరు. ఎవరి చెవిని బట్టి, ఎవరి అలవాటుని బట్టి వాళ్ళు రాస్తారు.

ఏ అక్షరాల దగ్గర తేడా వస్తుందో మాత్రం ముందే చెప్పొచ్చు. "త" మొదటిది. దక్షిణాదిన మనం t అక్షరాన్ని "ట"కి ఇచ్చేశాం కాబట్టి "త"కి th వాడతాం. హిందీ అలవాటున్నవాళ్ళకి t అంటేనే "త", th అంటే "థ". అందుకే "తాళింపు" ఒకరికి talimpu, ఇంకొకరికి thalimpu. దీర్ఘం చూపించాలనుకునేవాళ్ళు taalimpu, thaalimpu అని కూడా రాస్తారు. "ద"కీ ఇదే ఇబ్బంది, d అని రాసేవాళ్ళూ dh అని రాసేవాళ్ళూ సగం సగం ఉంటారు. దీర్ఘాలన్నీ అనుమానమే. ఊరగాయ ooragaya కావచ్చు, uragaya కావచ్చు. ఒత్తులు ఇంకా అనుమానం. "పచ్చడి"లో ఉన్న ఒక్క చకారపు ఒత్తు మూడు స్పెల్లింగులు పుట్టిస్తుంది. "వ" కొందరికి v, కొందరికి w. "శ", "ష", "క్ష" ఎవరి ఇష్టం వాళ్ళది.

నిశ్చింతగా ఉండే అక్షరాలూ ఉన్నాయి. క, గ, జ, న, ప, బ, మ, ర. ఒత్తు లేని చ. వీటితో, పొట్టి అచ్చులతో కట్టిన మాటని పదిమందికి చెబితే తొమ్మిదిమంది ఒకేలా రాస్తారు. పొట్టిగా, ఒత్తుల్లేకుండా, సున్నాలతో సాగే మాటలు చిరునామాకి చాలా అనువైనవని నాకు పిన్ని కాగితం ముందు కూర్చున్నాకే బాగా బోధపడింది.

"రోటి పచ్చడి"కి వేరే కష్టం వచ్చింది. రోట్లో నూరిన పచ్చడి అని మనకి తెలుసు. roti అని ఇంగ్లిషులో చూసిన బెంగళూరు అమ్మాయికి అది గోధుమ రొట్టె. "అమ్మ ఆవకాయ"కి ఇంకో కష్టం. చిరునామాలో ఖాళీలుండవు, మాటలు కలిసిపోతాయి. amma పక్కన aavakaya పెడితే మధ్యలో మూడు a లు వరసగా వస్తాయి. మనం మాట్లాడేటప్పుడు ఎటూ సంధి చేసి "అమ్మావకాయ" అనేస్తాం, విన్నవాళ్ళు రెండే రాస్తారు. కొందరు ఒకటే రాస్తారు. మాటల మధ్య హైఫన్ పెట్టుకోవడానికి వీలుంది. చిరునామాలో a నుంచి z దాకా అక్షరాలు, అంకెలు, హైఫన్ మాత్రమే ఒప్పుకుంటారు. కానీ ఫోన్లో చెప్పేటప్పుడు "మధ్యలో చిన్న గీత" అని ప్రతిసారీ చెప్పాల్సి వస్తుంది. ఒక్కసారి మరిచిపోతే ఆ ఆర్డరు పోయినట్టే.

"మరి తెలుగులోనే పెట్టుకోకూడదా?" అని పిన్ని అడిగింది. న్యాయమైన ప్రశ్న. పెట్టుకోవచ్చు. చివర .in ఉన్నట్టే, తెలుగు లిపిలో .భారత్ అనే కొస ఉంది. దాంతో మొత్తం చిరునామా తెలుగులోనే రాసుకోవచ్చు. కంప్యూటరు దాన్ని లోపల xn-- అని మొదలయ్యే ఇంగ్లిషు అక్షరాల వరసగా మార్చుకుంటుంది. కానీ ఫోన్లో తెలుగు కీబోర్డు పెట్టుకోనివాళ్ళు, ముఖ్యంగా పరదేశంలో పెరిగిన పిల్లలు, దాన్ని టైపు చేయలేరు. కొన్నిచోట్ల ఆ చిరునామాతో ఈమెయిలు రాస్తే తీసుకోదు. రెండో చిరునామాగా తీసుకుని అసలు సైటుకి దారి మళ్ళిస్తే బాగుంటుంది. దాని ఒక్కదాని మీదే ఆధారపడమని నేను చెప్పలేను.

ఇక రెండో విషయం, పేరు నీదే అని చెప్పుకోగలగడం. "తెనాలి రుచులు" అన్న పేరు ఏం చెబుతోంది? తెనాలిలో చేసిన తినే వస్తువు అని. తెనాలిలో చేసేవాళ్ళందరికీ ఆ మాట చెప్పుకునే హక్కుంది. 1999 నాటి ట్రేడ్‌మార్కుల చట్టంలో తొమ్మిదో సెక్షను ఇదే అంటుంది: వస్తువు ఏమిటో, ఎలాంటిదో, ఏ ఊరిదో చెప్పే మాటల్ని మాత్రమే పేరుగా పెట్టుకుంటే అది రిజిస్టరు కాదు. ఏళ్ళ తరబడి వాడి, ఆ మాట వింటే జనానికి మీ కొట్టే గుర్తొచ్చే స్థితి తెచ్చుకున్నామని రుజువు చేసుకుంటే తప్ప. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళ దగ్గర ఆ రుజువు ఉండదు.

దేవుడి పేర్ల సంగతి కూడా చెప్పాను. పిన్ని మనసుకి కష్టమనిపించింది, కానీ చెప్పక తప్పలేదు. 2015లో సుప్రీంకోర్టు ముందుకి ఒక అగరుబత్తీల వ్యాపారి తగాదా వచ్చింది. తన సరుకుకి "రామాయణ్" అన్న పేరు తనకే చెందాలని ఆయన వాదన. పవిత్ర గ్రంథం పేరుని ఏ ఒక్కరూ ట్రేడ్‌మార్కుగా సొంతం చేసుకోలేరని కోర్టు చెప్పింది. దేవతల పేర్లు పెట్టుకున్న సంస్థలు ఎన్నో ఉన్నాయి, వాటిని ఎవరూ తప్పు పట్టరు. కానీ పక్క వీధిలో ఇంకొకరు అదే పేరు పెట్టుకుంటే ఆపడం చాలా కష్టం. "లక్ష్మీదేవి పటం కొట్లో పెట్టుకో పిన్నీ, పేరు వేరే పెట్టుకుందాం" అన్నాను. కాసేపు ఆలోచించి సరేనంది.

అప్పుడే ఆమె లోపలికి వెళ్ళి, ఆవపిండి కొలవడానికి తెచ్చిన సోలని పక్కన పెట్టింది. నాకు అక్కడ దారి కనిపించింది. పచ్చళ్ళకి సంబంధం ఉన్న మాటే, కానీ పచ్చడిని వర్ణించే మాట కాదు. కొలతల పేర్లు. గిద్ద, సోల, తవ్వ, మానిక, కుంచం. "గిద్దెడు నూనె, సోలెడు కారం" అని ఆమె రోజూ అనే మాటలే. పాత కొలతలు కాబట్టి పిల్లలకి కొత్తగా ఉంటాయి, పెద్దవాళ్ళకి ఇల్లు గుర్తొస్తుంది. ఇద్దరం కూర్చుని ఒక్కొక్కటీ పరీక్షించాం.

"గిద్దెడు" ముందు పోయింది. ద్దకి dd రాయాలో ddh రాయాలో ఎవరికీ తెలియదు. పైగా హిందీలో గిద్ధ్ అంటే రాబందు. తినే వస్తువు మీద ఆ నీడ వద్దనుకున్నాం. "సోలెడు" నాకు చాలా నచ్చింది. soledu అని రాసి మా తమ్ముడికి వాట్సాప్‌లో పంపితే, "సో, లేదు... ఏం లేదు?" అని జవాబిచ్చాడు. ఇంగ్లిషు అక్షరాల్లో ledu అని కనిపిస్తే తెలుగువాడి కంటికి ముందు "లేదు" అనే తోస్తుంది. కొట్టు పేరులోనే "లేదు" ఉండకూడదు. "తవ్వెడు"లో త ఉంది, వ్వ ఉంది. tavvedu, thavvedu, tawwedu, ఇంకా ఎన్నో. అదీ కాక "తవ్వేడు" అని చదివితే గొయ్యి తవ్వినట్టుంది. "మానెడు"ని manedu అని రాస్తే "మానేడు" అని కూడా చదవొచ్చు. వ్యాపారం మానేసినట్టు వినిపించే పేరు ఎవరు పెట్టుకుంటారు?

"కుంచం" మిగిలింది. kuncham. మంచి అక్షరాలు, ఒత్తుల్లేవు, త లేదు, ద లేదు. ఇక ఇదే అనుకున్నాను. ఫోన్లో మా పెద్దమ్మకి చెప్పి టైపు చేసి పంపమన్నాను. konchem అని వచ్చింది. మళ్ళీ చెప్పాను, ఈసారి koncham. వినేవాళ్ళ చెవిలో కుంచం "కొంచెం" అయిపోతోంది. ఎందుకంటే ఈ రోజుల్లో "కుంచం" రోజూ వినే మాట కాదు, "కొంచెం" వందసార్లు వినే మాట. తెలియని మాట వింటే చెవి తనకి తెలిసిన దగ్గరి మాటకి సర్దుకుంటుంది. అర్థం కూడా తలకిందులైంది: నిండుగా కొలిచి ఇస్తామని చెప్పాల్సిన పేరు, కాస్తే ఇస్తామని చెబుతోంది.

"అయితే కుంచెడు అను" అంది పిన్ని. "కుంచెడు బియ్యం" అన్నట్టు, కుంచం నిండా అని. చివర "డు" చేరేసరికి కొంచెంతో పోలిక తెగిపోయింది. ఆ సాయంత్రం పన్నెండుమందికి ఫోన్ చేశాం. స్పెల్లింగు చెప్పలేదు, పేరు రెండుసార్లు పలికాం, విన్నది విన్నట్టు ఇంగ్లిషు అక్షరాల్లో పంపమన్నాం. తొమ్మిదిమంది kunchedu అని పంపారు. ఇద్దరు kunchadu అన్నారు, ఒకరు kuncheddu. ఇదే పరీక్ష "తాళింపు"కి చేస్తే అయిదుగురు ఒకలా, నలుగురు ఒకలా, మిగిలినవాళ్ళు ఇంకోలా రాశారు. తేడా మీకే తెలుస్తోంది.

ఈ పరీక్ష ఎలా చేయాలన్నది ముఖ్యం. పేరు రాసి చూపించి "బాగుందా?" అని అడిగితే ప్రయోజనం లేదు, చూశాక ఎవరైనా ఒప్పుగానే రాస్తారు. వినిపించాలి. మీ ఇంట్లోవాళ్ళు, మీరు పేరు వెతుకుతున్నారని తెలిసినవాళ్ళు పనికిరారు. వయసు, ఊరు, చదువు వేరువేరుగా ఉన్నవాళ్ళని ఎంచుకోవాలి. తెలుగు బాగా రానివాళ్ళు ఒకరిద్దరు ఉంటే ఇంకా మంచిది. మా పరీక్షలో అలాంటి అమ్మాయి ఒకామె ఉంది, తమ్ముడితో పనిచేస్తుంది. ఆమె వినిపించుకుని ఒప్పుగానే రాసింది. రాసినదాన్ని చూసి మాత్రం, "ఇది ట్యూషన్లు చెప్పే కంపెనీయా?" అని అడిగింది. చివర edu ఉంది కదా, చదువుల కంపెనీలన్నీ ఆ మూడక్షరాలు తగిలించుకుంటున్నాయి.

అక్కడ ఆగి ఆలోచించాల్సి వచ్చింది. విని రాయడం ఒక దిశ, చూసి చదవడం ఇంకో దిశ. పేరు రెండు దిశల్లోనూ సాఫీగా నడిస్తే అదృష్టమే. రెండిట్లో ఒకటే దొరికితే ఏది కావాలి? నా ఆలోచన ఇది. చూసి చదివే చోట మనకి ఆసరా ఉంది: సీసా మీద, సైటు మీద "కుంచెడు" అని పెద్ద తెలుగు అక్షరాల్లో రాసుకోవచ్చు, పక్కన ఆవకాయ బొమ్మ ఉంటుంది, ట్యూషన్ అని ఎవరూ పొరపడరు. విని టైపు చేసే చోట ఏ ఆసరా లేదు. పెళ్ళి భోజనంలో ఒకామె పక్కామెకి చెబుతుంది, ఆమె ఇంటికెళ్ళి ఫోన్ తీస్తుంది. ఆ రెండు క్షణాల మధ్య పేరు ఒక్కటే ప్రయాణం చేస్తుంది. అందుకే నేను విని రాసే దిశకే ఎక్కువ మార్కులు వేస్తాను. edu గురించి నాకు ఇప్పటికీ కాస్త జంకుంది, కానీ కుంచెడే ఉంచాం.

పేరు మనకి నచ్చాక కూడా వెంటనే చిరునామా కొనకూడదు. ముందు అది వేరేవాళ్ళది కాదని చూసుకోవాలి. కేంద్ర ప్రభుత్వపు ట్రేడ్‌మార్కుల వెబ్‌సైటు ipindia.gov.in లో ఎవరైనా ఉచితంగా వెతుక్కోవచ్చు. మార్కులన్నీ సరుకుని బట్టి 45 తరగతులుగా విడగొట్టి ఉంటాయి. పచ్చళ్ళు 29లోకి వస్తాయి. కారప్పొళ్ళు, మసాలాలు, మిఠాయిలు 30లోకి వస్తాయి. పిన్ని కందిపొడి, నువ్వులపొడి కూడా అమ్ముతుంది కాబట్టి రెండూ చూశాం. పూర్తి మాట మాత్రమే వెతికితే సరిపోదు. kunch అని మొదటి అక్షరాలు మాత్రం ఇచ్చి, ఆ అక్షరాలున్న పేర్లన్నీ చూడాలి. ఆ తర్వాత ధ్వనిని బట్టి వెతికే పద్ధతి ఒకటి అక్కడే ఉంది, దానితో కూడా చూడాలి. తెలుగువాళ్ళకి అది చాలా అవసరం, ఎందుకంటే మన పేరే ఇంకొకరు వేరే స్పెల్లింగుతో నమోదు చేసుకుని ఉండొచ్చు. బట్టల తరగతిలో ఎవరికో అలాంటి పేరుంటే మామూలుగా కంగారు పడక్కర్లేదు. మన తరగతిలో ఉంటే మాత్రం ఆ పేరు వదిలేయడమే మంచిది.

ఒక అక్షరం మార్చి పెట్టుకుంటే సరిపోతుంది కదా అని చాలామంది అనుకుంటారు. ఈ మాటకి సుప్రీంకోర్టు 2004లోనే జవాబిచ్చింది, అదీ మన తెలుగు మూలాలున్న పేరు విషయంలోనే. హైదరాబాదు సత్యం కంప్యూటర్స్‌కి అనుబంధంగా మొదలైన సత్యం ఇన్ఫోవే అనే సంస్థ, తన పేరులోని అక్షరాలు కలిపి "సిఫీ" అన్న మాటని పుట్టించింది. 1999లో sifynet.com లాంటి చిరునామాలు తీసుకుంది. 2001లో వేరే సంస్థ ఒకటి siffynet.com అన్న చిరునామాతో వచ్చింది. f ఒకటి ఎక్కువ, అంతే. ఆ పేరు తమ అయిదుగురు స్థాపకుల పేర్లలోని మొదటి అక్షరాలతో చేసుకున్నామని వాళ్ళు చెప్పారు. కింది కోర్టు సత్యం ఇన్ఫోవే వైపు చెప్పింది, కర్ణాటక హైకోర్టు దాన్ని తిరగేసింది, చివరికి సుప్రీంకోర్టు మళ్ళీ సత్యం ఇన్ఫోవేకే న్యాయం చేసింది. వెబ్ చిరునామా అంటే ఇంటి నంబరు లాంటిది మాత్రమే కాదు, వ్యాపారాన్ని గుర్తుపట్టించే పేరు కూడా, కాబట్టి ట్రేడ్‌మార్కుకున్న రక్షణే దానికీ ఉంటుందని ఆ తీర్పు చెప్పింది. చెవికీ కంటికీ ఒకేలా తోచే రెండు పేర్ల వల్ల కొనేవాళ్ళు మోసపోతే, ముందొచ్చినవాళ్ళదే పేరు.

దీన్ని మన వ్యవహారానికి అన్వయించుకుంటే, ఎవరిదో పేరుకి h తగిలించడం వల్ల, a రెట్టింపు చేయడం వల్ల అది కొత్త పేరు కాదు. న్యూమరాలజీ కోసం అక్షరాలు పెంచేవాళ్ళు దీన్ని గుర్తు పెట్టుకోవాలి. మా బంధువొకాయన kunchedu చివర ఇంకో u చేర్చమన్నారు, సంఖ్య కుదురుతుందట. పిన్నికి ఆయన మాట మీద గురి. నేను కాదనలేదు. పేరంతా కలిపి లెక్క వేస్తారు కాబట్టి, రెండో మాటని మార్చుకోమన్నాను. Kunchedu Foods అంటే కుదరకపోతే Kunchedu Pickles, అదీ కాకపోతే Kunchedu Food Products. జనం టైపు చేసే మొదటి మాట మాత్రం పలికినట్టే ఉండాలి. ఆయన లెక్క వేసుకుని ఒకటి చెప్పారు, అందరికీ సమ్మతమైంది.

ప్రభుత్వ సైటులో కనిపించకపోయినంత మాత్రాన పేరు ఖాళీగా ఉందని కాదు. రిజిస్టరు చేయకుండా ఏళ్ళ తరబడి వాడుకుంటున్నవాళ్ళకి కూడా చట్టంలో హక్కుంది, ముందు నుంచి వాడుతున్నారని చూపిస్తే చాలు. అందుకని గూగుల్లో, అమెజాన్‌లో, ఇన్‌స్టాగ్రామ్‌లో, యూట్యూబులో వెతకాలి, రెండు మూడు స్పెల్లింగులతో. సీసాలు అమ్మే హోల్‌సేల్ కొట్టువాణ్ణి కూడా అడగాలి. ఎవరెవరు ఏ లేబుళ్ళు అంటిస్తున్నారో అతనికి తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. పిన్ని అడిగితే అతను "ఆ పేరుతో ఎవరూ లేరమ్మా" అన్నాడు. కంపెనీల రిజిస్ట్రారు దగ్గర పేరు దొరికితే ఇక పేరు మనదే అనుకోవడం కూడా పొరపాటే. అక్కడ కొత్త కంపెనీకి ఆమోదించిన పేరుని 20 రోజులు పట్టి ఉంచుతారు, ఆ లోపల కంపెనీ పెట్టుకోవాలి. కానీ ఆ పేరు ఎవరిదైనా రిజిస్టరైన ట్రేడ్‌మార్కుతో కలిస్తే, వాళ్ళు మూడేళ్ళలోపు అడిగి మార్పించగలరు.

ఇవన్నీ చూసుకున్న రోజునే చిరునామా తీసుకోవాలి, మర్నాటికి వాయిదా వేయకూడదు. .com చిరునామా ఎవరిదైనా ఉందా అన్నది lookup.icann.org లో చూడొచ్చు. మేము చూసిన రోజున .com, .in రెండూ ఖాళీగా ఉన్నాయి. రెండూ తీసుకున్నాం. ఒకటే తీసుకునే స్తోమత ఉంటే నేను .com అంటాను, అమెరికాలో ఉన్నవాళ్ళ వేళ్ళు అలవాటుగా అదే కొడతాయి. కొనేవాళ్ళంతా ఇక్కడివాళ్ళే అయితే .in చక్కగా సరిపోతుంది. .com దొరకనప్పుడు .in మాత్రం తీసుకోవచ్చా అంటే, ఆ .comలో ఎవరున్నారో చూసి చెప్పాలి. ఖాళీ పేజీ అయితే పరవాలేదు. అక్కడ కూడా తినుబండారాలే అమ్ముతుంటే, మీ ఖర్చుతో వాళ్ళకి ప్రచారం చేసిపెట్టినట్టే. కొందరు మంచి మాటలు ముందే కొని పెట్టుకుని పెద్ద ధర చెబుతారు. కొత్త వ్యాపారం ఆ డబ్బు పెట్టడం కంటే ఇంకో పేరు వెతుక్కోవడం మేలు. మన భాషలో మాటలకి కరువు లేదు. మా పరీక్షలో ఇద్దరు రాసిన kunchadu అన్న తప్పు స్పెల్లింగుని కూడా తీసుకుని అసలు సైటుకి మళ్ళించాం. ఊహించి నాలుగైదు తప్పులు కొనడం కంటే, పరీక్షలో నిజంగా వచ్చిన తప్పు ఒకటి కొనడం నయం.

డబ్బు కట్టే ముందు మొదటి ఏడాది ధర కాదు, రెండో ఏడాది ధర చూడాలి. మొదటిసారి తక్కువకిచ్చి, కొనసాగించేటప్పుడు రెట్టింపు తీసుకునేవాళ్ళున్నారు. దానికంటే ముఖ్యమైనది చిరునామా ఎవరి పేరు మీద ఉందన్నది. మాకు తెలిసిన ఒక మిఠాయి కొట్టాయన ఈ పని సైటు చేసిపెట్టిన కుర్రాడికి వదిలేశాడు. ఆ కుర్రాడు తన ఈమెయిలుతో, తన ఫోన్ నంబరుతో తీసుకున్నాడు. తర్వాత ఉద్యోగం వచ్చి వేరే దేశం వెళ్ళాడు, నంబరు మారింది. గడువు ముగుస్తోందన్న హెచ్చరికలు ఎవరూ చూడని ఈమెయిలుకి వెళ్ళాయి. ఒకరోజు సైటు తెరుచుకోలేదు. గడువు దాటిన .com పేరు ఆ రోజే పోదు. అమ్మిన సంస్థ పద్ధతిని బట్టి 45 రోజుల దాకా మామూలు రుసుముతో తిరిగి తీసుకోవచ్చు, ఆ తర్వాత 30 రోజులు పెద్ద జరిమానాతో దక్కించుకోవచ్చు, చివర 5 రోజులు ఎవరూ ఏమీ చేయలేరు, ఆపైన ఎవరికైనా దొరుకుతుంది. కానీ ఇవన్నీ చేయాలంటే ఖాతాలోకి వెళ్ళాలి. ఖాతాకి వచ్చే ఓటీపీ ఆయన ఫోనుకి రాదు. ఇరవై ఏళ్ళ కొట్టాయన, తన పేరు తనది కాదని ఆ రోజు తెలుసుకున్నాడు. చివరికి పేరుకి ఇంకో మాట తగిలించి కొత్త చిరునామా తీసుకున్నాడు, అట్టపెట్టెలన్నీ మళ్ళీ అచ్చు వేయించాడు.

అందుకని పిన్ని చిరునామాలు పిన్ని పేరు మీదే, ఆమె ఈమెయిలుతోనే తీసుకున్నాం. గడువు రాగానే దానంతటదే డబ్బు కట్టుకునేలా పెట్టి, తేదీని గోడ మీద క్యాలెండర్లో కూడా రాసింది.

ట్రేడ్‌మార్కు దరఖాస్తు చివరి పని. వ్యక్తులకీ చిన్న వ్యాపారాలకీ ఆన్‌లైన్లో తరగతికి 4,500 రూపాయలు. పిన్నికి రెండు తరగతులు కాబట్టి 9,000. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ దరఖాస్తులు చెన్నై కార్యాలయానికి వెళ్తాయి. పరిశీలన అయ్యాక పేరుని ట్రేడ్‌మార్కుల పత్రికలో ప్రకటిస్తారు. నాలుగు నెలల్లో ఎవరూ అభ్యంతరం చెప్పకపోతే రిజిస్టరవుతుంది, పదేళ్ళు చెల్లుతుంది, మళ్ళీ మళ్ళీ పొడిగించుకోవచ్చు. అప్పటిదాకా లేబులు మీద పేరు పక్కన TM అని వేసుకోవచ్చు కానీ, వృత్తంలో R ఉన్న గుర్తు వేయకూడదు. రిజిస్టరు కాకముందే అది వేస్తే నేరం. లేబులు అచ్చు వేసేవాళ్ళు అందం కోసం అడగకుండానే ఆ గుర్తు పెట్టేస్తుంటారు, మొదటి నమూనాలో మాకూ పెట్టారు. తీయించాం.

పోయిన వారం పిన్నికి ఒక ఫోన్ వచ్చిందట. డాలస్‌లో ఎవరో, తమ స్నేహితురాలింట్లో గోంగూర తిని, పేరు అడిగి, ఇంటికెళ్ళి టైపు చేసి ఆర్డరిచ్చారు. "ఎలా రాశావమ్మా పేరు?" అని పిన్ని ప్రత్యేకంగా అడిగిందట. "ఎలా పలికితే అలాగే రాశానండీ" అందట ఆ అమ్మాయి. పార్సిలు కట్టేటప్పుడు ఇంకో సీసా మాగాయ కూడా పెట్టానని పిన్ని చెప్పింది.